బెంగళూరులో వద్దనుకున్న అమ్మాయే అనంతపురంలో నచ్చింది: మారింది నా అభిరుచా, నా ముందున్న ప్రొఫైళ్ల సంఖ్యా?

గడియారస్తంభం
నా వయసు 29. సోమవారం నుంచి శుక్రవారం దాకా బెంగళూరులో ఉద్యోగం చేసి, శనివారం ఉదయానికి అనంతపురంలో ఇంటికి చేరుకుంటాను. ఎనిమిది నెలలుగా రెండు డేటింగ్ యాప్‌లు వాడుతున్నాను. కాలక్షేపం కోసం కాదు, పెళ్లి చేసుకోదగిన మనిషి పరిచయం కావాలన్న ఉద్దేశంతోనే మొదలుపెట్టాను. అవి మనం ఉన్న చోటును బట్టి చుట్టుపక్కల వాళ్లనే చూపిస్తాయి కనుక, అనంతపురంలో పాతికమందినో ముప్పైమందినో చూసేసరికి ఇక ఎవరూ లేరని చెబుతాయి. అందుకే ఇక్కడ ఒక్కొక్కరు రాసుకున్నది చివరిదాకా చదువుతాను. బెంగళూరులో మాత్రం రాత్రి భోజనం అయ్యాక మొదలుపెడితే గంట గడిచినా వరుస తరగదు, ఒక్కో మనిషి మీద రెండు క్షణాలు కూడా ఆగను.

పోయిన నెలలో జరిగింది చెబుతాను. అనంతపురంలో ఒక అమ్మాయి ప్రొఫైల్ చూశాను. సెలవులకు ఇంటికి వచ్చిందట, తనదీ ఈ ఊరే. రాసుకున్న నాలుగు వాక్యాలు నాకు ఎంతగానో నచ్చి లైక్ చేశాను, మ్యాచ్ అయింది, మాట్లాడుకుంటున్నాం. మూడో రోజు ఆమె పంపిన ఒక ఫొటోలో మెట్లమీద కూర్చున్న తెల్లకుక్క కనిపించేసరికి గుర్తుకొచ్చింది: అదే ఫొటోతో అదే అమ్మాయిని నేను రెండు వారాల ముందు బెంగళూరులో మరో యాప్‌లో వద్దనుకుని ఎడమవైపుకు నెట్టేశాను. కారణం కూడా గుర్తుంది. మొదటి ఫొటోలో ముఖం సగమే కనిపిస్తోందని.

ఒకే మనిషి, ఒకే ఫొటో, చూసింది నేనే. మా అక్కకు చెబితే, "నువ్వు అక్కడ మనుషులను చూడడం లేదురా, తప్పులు వెతుకుతున్నావు" అంది. అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. ఇలా ఎంతమందిని పోగొట్టుకుని ఉంటాను? ఎక్కువమందిని చూడడం వల్ల మన ఎంపికే చెడిపోతుందా, లేక ఇది నా ఒక్కడి లోపమా?

పెన్నా_గట్టు
ఎడమవైపుకు నెట్టిన మనిషి మళ్లీ కనిపించడం మీ అదృష్టం. మాకు ఆ అవకాశం కూడా రాదు.

నంద్యాల_రోడ్డు
నాదీ ఇదే సమస్య అన్నా. పదకొండు నెలల్లో నాకు నాలుగే మ్యాచ్‌లు వచ్చాయి, అందులో రెండు దొంగ ఖాతాలు. ఫొటోలు మార్చాను, డబ్బు కట్టి పైతరగతి సభ్యత్వం కూడా తీసుకున్నాను. మ్యాచ్‌లు పెరగాలంటే ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

హంద్రీ_ఒడ్డు
తమ్ముడూ, ఆయన అడిగింది వేరు. ఎక్కువమంది కనిపించడం వల్ల వచ్చే చిక్కు గురించి అడుగుతున్నారు, నీది ఎవరూ దొరకకపోవడం.

లెక్కల_పంతులమ్మ
ఆ రెండూ అంత వేరు కావు, ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు గడియారస్తంభం గారి ప్రశ్న. నేను కర్నూలులో డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతాను, ఈ విషయంమీద వచ్చిన పరిశోధనలు కొన్ని చదివాను. మీ అక్కగారు చెప్పిన మాట దాదాపుగా ఒక పరిశోధన పేరే. నెదర్లాండ్స్‌లో ప్రాంక్, డెనిసెన్ అనే ఇద్దరు 2020లో ప్రచురించిన వ్యాసంలో దీనికి "తిరస్కార ధోరణి" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. జోడీ కోసం చూస్తున్న యువతీయువకులకు వరుసగా ప్రొఫైళ్లు చూపించి, ఒక్కొక్కరిని అంగీకరిస్తారో కాదో నమోదు చేశారు. మొదటి ప్రొఫైల్ నుంచి చివరి ప్రొఫైల్‌కు వచ్చేసరికి అంగీకరించే అవకాశం సగటున 27 శాతం తగ్గింది.

ఇందులో గమనించవలసింది వరుసక్రమం. ప్రొఫైళ్లను ఏ క్రమమూ లేకుండా కలిపి చూపించారు, అంటే చివర వచ్చినవాళ్లు మొదట వచ్చినవాళ్లకన్నా తక్కువవాళ్లు కారు. మారింది చూసేవాళ్ల మనసే. చూస్తున్నకొద్దీ ఎదుట కనిపించే ఫొటోలు అంతగా నచ్చకపోవడం, తమకు జోడీ దొరుకుతుందన్న నమ్మకం కూడా సన్నగిల్లడం ఈ రెండింటినీ వాళ్లు కారణాలుగా చూపారు. బాగా అలసిపోయిన మనిషి ఏదో ఒకటిలే అని ఒప్పేసుకుంటాడని మనం అనుకుంటాం. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం.

ప్రొద్దుటూరు_మేలిమి
ఇది ఎప్పుడో తేలిపోయిన విషయమే అక్కా. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో జామ్ సీసాలతో పరీక్ష చేశారు. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్లలో 3 శాతం మంది, 6 రకాలే పెట్టినప్పుడు 30 శాతం మంది కొన్నారు. కాబట్టి ఎంపికలు పెరిగితే మనిషి ఎంచుకోలేడు, అది నియమం. దీనికి లెక్కల్లో పరిష్కారం కూడా ఉంది: మొదటి 37 శాతం మందిని చూసి వదిలేయాలి, ఆ తరువాత వాళ్లందరికన్నా మెరుగైన మనిషి కనిపించిన వెంటనే ఆగిపోవాలి. గడియారస్తంభం అన్న ఇదే పాటిస్తే సరిపోతుంది.

లెక్కల_పంతులమ్మ
జామ్ పరీక్ష అంకెలు మీరు సరిగ్గానే చెప్పారు, కానీ దాన్ని నియమం అనడానికి లేదు. ఇలాంటి 50 ప్రయోగాలను 2010లో ఒకచోట చేర్చి చూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కొన్నింటిలో ఎక్కువ ఎంపికలు మేలు చేశాయి, కొన్నింటిలో కీడు చేశాయి. ఆ తరువాత 2015లో వచ్చిన మరో సమీక్ష, కీడు ఎప్పుడు జరుగుతుందో వెతికింది. తనకు ఏం కావాలో మనిషికి ముందుగా స్పష్టత లేనప్పుడు, ఎదుట ఉన్నవాటిని ఒకదానితో ఒకటి పోల్చడం కష్టమైనప్పుడు ఆ భారం పెరుగుతుందని అందులో తేలింది.

37 శాతం లెక్క గణితంగా నిజమే, నేను తరగతిలో చెబుతాను కూడా. కానీ అది నిలబడాలంటే మొత్తం ఎంతమంది వస్తారో ముందే తెలియాలి, అందరిలోకీ ఉత్తమమైన ఒక్కరు తప్ప మరెవరూ పనికిరారు అనుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా మీరు ఆగి చేయి చాచినప్పుడు ఎదుటి మనిషి కాదనకూడదు. బెంగళూరులో ఎంతమంది వస్తారో యాప్ చెప్పదు. ఎదుటి మనిషి కూడా తన 37 శాతంలో మిమ్మల్ని దాటేసి ఉండవచ్చు.

ప్రొద్దుటూరు_మేలిమి
చివరి మాట నేను ఆలోచించలేదు. మొదటిదానిమీద మాత్రం నాకు ఇంకా అనుమానమే ఉంది. జోడీని ఎంచుకునేటప్పుడు తనకు ఏం కావాలో స్పష్టంగా తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

హంద్రీ_ఒడ్డు
నేను ఈ చర్చ సాగుతున్న దిక్కుతోనే విభేదిస్తున్నాను. మా ఇంట్లో నాకు తెచ్చింది మూడు సంబంధాలు. మూడూ మా కులమే, మూడూ డోన్‌కూ ఆదోనికీ మధ్యవే, రెండింటిలో అమ్మాయిల వయసు ఇరవై కూడా దాటలేదు. పంతులమ్మ గారి లెక్క ప్రకారం మూడే ఎంపికలు కనుక నేను హాయిగా ఎంచుకోవాలి. నేను ఒక్కదాన్నీ ఎంచుకోలేదు, ఆ అమ్మాయిలూ నన్ను ఎంచుకోలేదు, ఎవరి తరఫున వాళ్ల పెద్దలే మాట్లాడారు. నా భార్య వేరే మతం. ఆమె కర్నూలులోనే, మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే పెరిగింది. అయినా ఒక యాప్ లేకపోతే ఈ జన్మలో మేమిద్దరం ఒకరికొకరు ఎదురుపడేవాళ్లం కాదు. కాబట్టి ఎంపికలు ఎక్కువైతే చెడు అని అంటుంటే నాకు మనసు ఒప్పదు. ఆ మాటను మా పెద్దలు కూడా తమకు అనుకూలంగా వాడుకోగలరు.

లెక్కల_పంతులమ్మ
మీ మాటను నేను కాదనను. నేను తక్కువ సంబంధాలే మేలని అనలేదు, అనబోను కూడా. పోలిక మూడు సంబంధాలకూ మూడు వందల ప్రొఫైళ్లకూ మధ్య కాదు. ఎక్కడెక్కడివాళ్లనూ పరిచయం చేయగల అదే యాప్‌లో ఒక రాత్రికి ఇరవైమందిని చూడడానికీ నూటయాభైమందిని చూడడానికీ మధ్య. మీరు మీ భార్యగారిని కలిసిన రోజుల్లో కర్నూలులో యాప్‌లో ఎంతమంది కనిపించేవారు?

హంద్రీ_ఒడ్డు
పదిహేను, ఇరవై. ఒప్పుకుంటున్నాను, అది అనంతపురం లెక్కే.

దేవునికడప_ఆడపడుచు
ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. కడపలో ఖాతా తెరిచిన మొదటి రాత్రికే నాకు వచ్చిన లైకులు నూటతొంభై దాటాయి. ఏడురోడ్ల కూడలిలో ఎవరైనా గుర్తుపడతారేమోనన్న భయంతో ముఖం సరిగా కనిపించని ఫొటో పెట్టాను, అయినా అన్ని వచ్చాయి. దాన్నిబట్టి వాళ్లలో చాలామంది నన్ను చూసి కాదు, కనిపించిన ప్రతి ఒక్కరికీ కొడుతున్నారని అర్థమైంది. నూటతొంభైమంది రాసుకున్నది చదవడం ఎవరికైనా సాధ్యమా? అందుకని నేను ఏం చేశానంటే, ఎత్తు చూసి తీసేశాను. తరువాత వయసు చూసి తీసేశాను. మిగిలిన పన్నెండుమందితో మాట్లాడితే ఒక్కరితోనూ రెండు రోజులకు మించి మాట సాగలేదు. నిజంగా నాకు ఎత్తు ముఖ్యం కాదు, మా నాన్న అమ్మకన్నా పొట్టి. ఎత్తు ఒక్కటే ఒక్క చూపులో తెలిసేది, అంతే.

నంద్యాల రోడ్డు తమ్ముడూ, నువ్వు మంచివాడివే అయి ఉంటావు. కానీ నువ్వు ఆ నూటతొంభైలో ఎక్కడో ఉంటావు, నీ ప్రొఫైల్ నేను తెరవను కూడా తెరవను.

నంద్యాల_రోడ్డు
ఇది చదివాక రెండు నిమిషాలు ఏమీ తోచలేదు అక్కా. నేను కూడా అందరికీ కొడుతూనే ఉన్నాను. మ్యాచ్ అయ్యాక చదువుదాంలే అని.

లెక్కల_పంతులమ్మ
నేను తరువాత చెబుతానన్నది ఇదే, నాకన్నా బాగా ఆమె చెప్పారు. దొరకడం లేదని మగవాళ్లు చదవకుండా అందరికీ లైక్ కొడతారు, ఆ వెల్లువలో ఆడవాళ్లు చదవలేక పైపై గుర్తులతో ఏరివేస్తారు, దాంతో మగవాళ్లకు ఇంకా తక్కువ దొరుకుతాయి, వాళ్లు ఇంకా ఎక్కువగా కొడతారు. ఒకరి కరువూ మరొకరి అతివృష్టీ ఒకే మబ్బు నుంచి వస్తున్నాయి.

ఎత్తు సంగతికి కూడా ఆధారం ఉంది. లెంటన్, ఫ్రాన్సెస్కోని అనే ఇద్దరు బ్రిటన్‌లో స్పీడ్ డేటింగ్ సభల వివరాలు, అంటే ఒకరి తరువాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడి నచ్చినవాళ్లను ఎంచుకునే సభల వివరాలు పరిశీలించి 2010లో ఒక వ్యాసం ప్రచురించారు. తక్కువమంది వచ్చిన సభల్లో చదువు, వృత్తి వంటి అడిగి తెలుసుకోవలసిన విషయాలకు విలువ దక్కింది. ఎక్కువమంది వచ్చిన సభల్లో జనం వయసు, ఎత్తు, బరువు వంటి కంటికి కనిపించేవాటిమీద ఆధారపడ్డారు. అక్కడ అందరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు, అయినా అలా జరిగింది.

పెళ్లిళ్ల_పెద్దాయన
నేను కడప, రాయచోటి వైపు ముప్పై ఏళ్లుగా సంబంధాలు కుదురుస్తున్నాను. నా సంచిలో నలభై బయోడేటాలు ఉన్నా ఒక ఇంటికి వెళ్లినప్పుడు రెండే బయటికి తీస్తాను, వాళ్లు చాలా పట్టుబడితే మూడోది తీస్తాను. నలభై ఒకేసారి బల్లమీద పెట్టిన రోజు ఆ ఇంట్లో ముగ్గురూ మూడు ఫొటోలు పట్టుకుని పోట్లాడుకుంటారు, సాయంత్రానికి ఏదీ వద్దంటారు. ఇంకొక మాట. చూపులకు వెళ్లివచ్చాక మూడు రోజుల్లో అవుననో కాదనో చెప్పమంటాను, ఆ మూడు రోజులూ మరో బయోడేటా చూపించను. చూపిస్తే ముందు చూసిన పిల్ల తప్పకుండా చిన్నబోతుంది.

హంద్రీ_ఒడ్డు
పెద్దాయనా, ఆ నలభైలో ఏ రెండు బయటికి తీయాలో మీరే నిర్ణయిస్తారు కదా. చిక్కంతా అక్కడే ఉంది.

పెళ్లిళ్ల_పెద్దాయన
నిజమే నాయనా, అది నా చేతిలోనే ఉంటుంది. నీ ఫోనులో ఎవరిని ముందు చూపించాలో కూడా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది కదా. నేనైతే మీ అమ్మానాన్నలను ఎరుగుదును.

లెక్కల_పంతులమ్మ
పెద్దాయన చెప్పిన రెండో మాట, ఆ మూడు రోజుల నియమం, నాకు మొదటిదానికన్నా విలువైనదిగా కనిపిస్తోంది. అమెరికాలో డీఆంజెలో, టోమా అనే పరిశోధకులు 2017లో దాదాపు ఇదే పరీక్షించారు. కొందరికి 6 ప్రొఫైళ్లు, కొందరికి 24 ఇచ్చి ఒకరిని ఎంచుకోమన్నారు. అందులో కొందరికి తరువాత మనసు మార్చుకునే వీలు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. వారం తరువాత అడిగితే, 24 మంది నుంచి ఎంచుకుని, మార్చుకునే వీలు కూడా ఉన్నవాళ్లే అందరికన్నా తక్కువ సంతృప్తితో ఉన్నారు. ఆ తేడా మొదటి రోజు కనిపించలేదు, వారానికి బయటపడింది. అంటే సంఖ్య ఒక్కటే కాదు, తలుపు తెరిచి ఉండడం కూడా మనసును తొలుస్తుంది. ఒకరితో మాట్లాడుతూనే రాత్రికి మళ్లీ యాప్ తెరవడం సరిగ్గా ఆ పరిస్థితే.

గడియారస్తంభం గారూ, మీరు వీలైతే ఒక పని చేయండి. వచ్చే వారం బెంగళూరులో రోజూ అరవై ప్రొఫైళ్లు ఒకేసారి చూసి, ఇరవైకొక గీత గీసి, ఎన్ని లైకులు కొట్టారో పుస్తకంలో రాయండి.

గడియారస్తంభం
రాశాను. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రాత్రులు, రోజుకు అరవై. నాలుగు రోజుల మొదటి ఇరవైలు కలిపితే ఎనభైమంది, వారిలో 23 మందికి లైక్ కొట్టాను. రెండో ఇరవైల ఎనభైలో 15. మూడో ఇరవైల ఎనభైలో 8. అంకెలు చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు. మూడో ఇరవైకి వచ్చేసరికి నాలో చిరాకు ఉన్నట్టు కూడా అనిపించలేదు, "ఈ రోజు అంతా ఇలాంటివాళ్లే వస్తున్నారు" అని మాత్రం అనిపించింది.

ప్రొద్దుటూరు_మేలిమి
ఒక అడ్డుప్రశ్న. నెదర్లాండ్స్‌లో కలిపి చూపించారు, సరే. యాప్ అలా కలపదు కదా, నచ్చుతారనుకున్నవాళ్లను ముందు పెడుతుంది. అప్పుడు చివర తక్కువ లైకులు రావడం సహజమే, అందులో మనసు మారడం ఏముంది?

లెక్కల_పంతులమ్మ
చాలా మంచి ప్రశ్న, నేనే ముందు చెప్పి ఉండవలసింది. ఆ రెండింటినీ ఈ లెక్క విడదీయలేదు. విడదీయడానికి ఒక దారి ఉంది: అదే అరవైని ఉదయం ఇరవై, మధ్యాహ్నం ఇరవై, రాత్రి ఇరవై చొప్పున చూడాలి. యాప్ మంచివాళ్లను ముందు పెట్టడమే కారణమైతే మూడో విడతలో కూడా లైకులు తగ్గాలి. మనసు బిగుసుకుపోవడం కారణమైతే విరామం తరువాత మళ్లీ పెరగాలి.

గడియారస్తంభం
ఈ వారం అలాగే చేశాను. ఉదయం టీ తాగేటప్పుడు చూసిన ఎనభైమందిలో 21, మధ్యాహ్నం 18, రాత్రి 20. పోయిన వారం మొత్తం 46 మందికి లైక్ కొడితే, ఈ వారం కూడా రెండు వందల నలభైమందినే చూసి 59 మందికి కొట్టాను. మరొకటి కూడా గమనించాను, విడతకు ఇరవైమందే అని తెలిసినప్పుడు వాళ్లు రాసుకున్నది చదువుతున్నాను.

లెక్కల_పంతులమ్మ
మూడో విడత పడిపోలేదు, కనుక మొగ్గు మనసు వైపే ఉంది. అయినా ఒక్క మనిషి రెండు వారాల లెక్క ఇది. విరామాల మధ్య యాప్ తన వరుసను మళ్లీ పేర్చి ఉండవచ్చు, లెక్క రాస్తున్నామన్న స్పృహతో మీరే ఉదారంగా ఉండి ఉండవచ్చు. నా తరగతిలో అయితే దీన్ని రుజువు అని రాయనివ్వను.

ప్రొద్దుటూరు_మేలిమి
లైకులు పెరిగాయి సరే, అందులో సరైన మనిషి ఉండే అవకాశం పెరిగిందా? ఎక్కువమందిని ఒప్పుకోవడమే మంచి ఎంపిక కాదు కదా.

లెక్కల_పంతులమ్మ
కాదు. దానికి నా దగ్గర సమాధానం లేదు. వదిలేసిన మనిషితో జీవితం ఎలా ఉండేదో ఏ లెక్కా చెప్పదు.

దేవునికడప_ఆడపడుచు
నేను ఈ వారం వడపోతలన్నీ తీసేసి, రోజుకు పదిమంది రాసుకున్నది పూర్తిగా చదివి మూసేస్తున్నాను. లైకులు పోగుపడుతూనే ఉన్నాయి, చూడకుండా వదిలేసినవాళ్ల పట్ల తప్పు చేస్తున్నానన్న బాధ కూడా ఉంది. కానీ ఒక ఐదడుగుల నాలుగంగుళాల మనిషితో ఆరు రోజులుగా మాట సాగుతోంది.

నంద్యాల_రోడ్డు
నేను కర్నూలులో కనిపించిన పద్దెనిమిదిమందిలో ముగ్గురికే కొట్టాను, ముగ్గురు రాసుకున్నదీ చదివి. ఇంకా ఏ జవాబూ రాలేదు.

పెళ్లిళ్ల_పెద్దాయన
గడియారస్తంభం నాయనా, మరి ఆ తెల్లకుక్క అమ్మాయి సంగతి ఏమైంది? మీరు లెక్కల్లో పడి ఆ పిల్లను మరిచిపోయారు.

గడియారస్తంభం
మరిచిపోలేదు పెద్దాయనా. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి ఉగ్గాని బజ్జీ తిన్నాం, రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆమెను ఒకసారి వద్దనుకున్న సంగతి కూడా చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, తానూ నన్ను బెంగళూరులో ఎప్పుడో నెట్టేసి ఉంటుందేమో తెలియదంది. ఈ లెక్కంతా రాస్తున్న రోజుల్లో కూడా నేను యాప్ తెరుస్తూనే ఉన్నానని ఆమెకు చెప్పలేదు, అది నన్ను బాధపెడుతోంది. పంతులమ్మ గారు చెప్పిన ఆ వారం తరువాతి పరీక్ష చదివాక రెండు యాప్‌లూ తీసేద్దామనుకుంటున్నాను. కలిసింది ఒక్కసారే, అప్పుడే తీసేయడం తొందరపాటు అవుతుందా?

దేవునికడప_ఆడపడుచు
మమ్మల్ని అడిగే ముందు ఆమెను అడగండి. ఆమె ఫోనులో కూడా అవి ఉన్నాయి కదా.